రోజూ కలిసే 7.15% వడ్డీనా, నెలనెలా కలిసే 7.2 శాతమా? ఏ పొదుపు ఖాతాలో ఎక్కువ వస్తుందో తేల్చే లెక్క ఇదీ

ఒక బ్యాంకు యాప్‌లో ‘ఏడాదికి 7.2 శాతం, వడ్డీ ప్రతి నెలా జమ’ అని ఉంది. మరో బ్యాంకు ‘7.15 శాతమే, కానీ వడ్డీ ప్రతి రోజూ అసలులో కలుస్తుంది’ అంటోంది. ఇంకోచోట ‘7.4 శాతం, ఏడాదికి ఒకసారి జమ’ అని కనిపిస్తోంది. మీ దగ్గర లక్ష రూపాయలు ఉన్నాయి, ఏడాది పాటు కదిలించరు. మూడింటిలో ఎక్కడ పెడితే ఎక్కువ వస్తుంది?

పెద్ద అంకె చూసి మూడోది ఎంచుకునేవారు ఉంటారు. ‘ప్రతి రోజూ’ అన్న మాట చూసి రెండోది ఎంచుకునేవారూ ఉంటారు. లెక్క వేస్తే మొదటిదే ముందుంటుంది. ఈ మూడింటినీ ఒకే కొలబద్ద మీదకు తెచ్చేదాన్ని ఎఫెక్టివ్ యాన్యువల్ రేట్ అంటారు. తెలుగులో వాస్తవ వార్షిక రేటు అనుకోవచ్చు. లెక్క చిన్నదే, ఫోన్‌లోనే వేసుకోవచ్చు. అయితే అందులో పెట్టే అంకెలు సరైనవా కాదా అన్నది చూసుకోవాలి.

ప్రకటించిన రేటుకు, చేతికొచ్చే రేటుకు తేడా ఎందుకు?

మన ఊళ్లలో వడ్డీని ‘నూటికి ఇంత’ అని నెల లెక్కన చెప్పుకుంటారు. నూటికి రెండు రూపాయలంటే నెలకు 2 శాతం. బ్యాంకులు ఏడాది లెక్కన చెబుతాయి. వాళ్లు 7.2 శాతం అన్నదాన్ని 12తో భాగిస్తే నెలకు 0.6 శాతం, అంటే మన భాషలో నూటికి 60 పైసలు.

లక్ష రూపాయలకు మొదటి నెల వడ్డీ 600 రూపాయలు. అది ఖాతాలో జమ కాగానే మీ అసలు రూ.1,00,600 అవుతుంది. రెండో నెల వడ్డీ ఈ మొత్తం మీద పడుతుంది కాబట్టి రూ.603.60 వస్తుంది. మూడో నెల రూ.607.22. ఇలా పెరుగుతూ పన్నెండో నెలకు రూ.640.81 అవుతుంది. అన్నీ కలిపితే ఏడాదికి వచ్చే వడ్డీ రూ.7,442.

నెలకు 600 చొప్పున పన్నెండు నెలలకు బారు వడ్డీ అయితే రూ.7,200 మాత్రమే వచ్చేది. పైన వచ్చిన 242 రూపాయలు వడ్డీ మీద వడ్డీ. కాబట్టి ప్రకటించిన రేటు 7.2 శాతమే అయినా, ఏడాది చివర మీ లక్ష నిజంగా పెరిగింది 7.44 శాతం. ఇదే వాస్తవ వార్షిక రేటు.

ఫార్ములా ఏమిటి?

ఏడాది రేటును, ఏడాదిలో వడ్డీ ఎన్నిసార్లు అసలులో కలుస్తుందో ఆ సంఖ్యతో భాగించాలి. దానికి 1 కలపాలి. వచ్చినదాన్ని అన్నిసార్లు దానితోనే గుణించాలి. చివర 1 తీసేయాలి. మొదటి ఆఫర్‌కు ఫోన్ బ్రౌజర్ సెర్చ్ బాక్సులో గానీ, సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో గానీ ఇలా టైప్ చేయవచ్చు:

```
(1+0.072/12)^12-1
```

జవాబు 0.0744 అని వస్తుంది. దాన్ని వందతో గుణిస్తే 7.44 శాతం. రెండో ఆఫర్‌కు 12 ఉన్నచోట 365 పెట్టాలి:

```
(1+0.0715/365)^365-1
```

జవాబు 0.0741, అంటే 7.41 శాతం. గూగుల్ షీట్స్ లేదా ఎక్సెల్ వాడేవారికి దీనికోసం ఒక ఫంక్షన్ సిద్ధంగా ఉంది:

```
=EFFECT(0.072,12)
=EFFECT(0.0715,365)
```

మూడో ఆఫర్‌లో వడ్డీ ఏడాదికి ఒక్కసారే కలుస్తుంది. కాబట్టి ప్రకటించిన రేటే వాస్తవ రేటు, 7.40 శాతం. లక్షకు ఏడాది వడ్డీ మొదటిచోట రూ.7,442, రెండోచోట రూ.7,411, మూడోచోట రూ.7,400. ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద అంకె చూపించిన ఆఫరే చివరి స్థానంలో నిలిచింది.

ఈ లెక్కలో ఎక్కడ తప్పు జరుగుతుంది?

రెండు చోట్ల. మొదటిది, 7.2 శాతాన్ని 0.072 అని కాకుండా 7.2 అనే టైప్ చేయడం. అప్పుడు జవాబు 280కి పైగా వస్తుంది. అంత పెద్ద సంఖ్య కనిపిస్తే దశాంశ బిందువు తప్పిందని వెంటనే తెలిసిపోతుంది.

రెండో తప్పు ఇలా బయటపడదు, అందుకే అది ప్రమాదకరం. కొందరు 0.0715ను 365తో విడిగా భాగించి, వచ్చిన 0.00019589ని ‘సుమారు 0.0002’ అని కుదించి తర్వాతి మెట్టుకు వెళ్తారు. ఆ చిన్న సవరింపు 365 సార్లు గుణింపులో పెరిగి జవాబును 7.57 శాతం చేస్తుంది. అసలు జవాబు 7.41. తప్పు లెక్కలో రోజువారీ ఆఫర్ గెలిచినట్టు కనిపిస్తుంది, నిజానికి అది ఓడింది. మధ్యలో ఎక్కడా కుదించకుండా మొత్తం ఒకే వరుసలో టైప్ చేస్తే ఈ ఇబ్బంది రాదు.

జవాబు సరిగానే ఉందా అని నోటి లెక్కతో సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. రేటును రేటుతో గుణించి 200తో భాగించండి. 7.2ను 7.2తో గుణిస్తే 51.84, దాన్ని 200తో భాగిస్తే దాదాపు 0.26. రోజువారీ చక్రవడ్డీ వల్ల 7.2 శాతం మీద అదనంగా వచ్చేది ఇంచుమించు ఇంతే. నెలవారీ అయితే దానికంటే కాస్త తక్కువ. మీ జవాబు దీనికి బాగా దూరంగా ఉంటే మళ్లీ టైప్ చేసి చూడండి.

రోజూ కలిస్తే చాలా ఎక్కువ రావాలి కదా?

అందరికీ కలిగే అనుమానమే ఇది. ఒకే 7.2 శాతం రేటుతో, లక్ష రూపాయల మీద, వడ్డీ కలిసే వ్యవధి మాత్రమే మారుస్తూ చూద్దాం.

| వడ్డీ అసలులో కలిసేది | ఏడాది వడ్డీ (రూ.) |
|---|---|
| ఏడాదికి ఒకసారి | 7,200 |
| ఆరు నెలలకోసారి | 7,330 |
| మూడు నెలలకోసారి | 7,397 |
| ప్రతి నెలా | 7,442 |
| ప్రతి రోజూ | 7,465 |

ఏడాది నుంచి నెలకు మారితే 242 రూపాయలు పెరిగింది. నెల నుంచి రోజుకు మారితే పెరిగింది 23 రూపాయలే. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఒక రోజు వడ్డీ దాదాపు 20 రూపాయలు. ఆ 20 రూపాయల మీద మర్నాడు వచ్చే వడ్డీ అర పైసా కూడా ఉండదు. నెలాఖరు దాకా ఆగకుండా ముందే కలిపినందుకు దక్కే లాభం అంత చిన్నది. గంటకోసారి, నిమిషానికోసారి కలిపినా ఈ రేటుకు ఏడాది వడ్డీ రూ.7,466 దాటదు. అదే గరిష్ఠ పరిమితి.

దీన్ని తిప్పి చూస్తే బేరానికి పనికొచ్చే విషయం తెలుస్తుంది. నెలవారీ 7.2 శాతంతో సమానం కావాలంటే రోజువారీ ఆఫర్ కనీసం 7.18 శాతం ఉండాలి. అంటే ‘ప్రతి రోజూ’ అన్న మాట విలువ దాదాపు 0.02 శాతం. రేటులో అంతకు మించి తగ్గించి ఆ మాట చేర్చితే, నష్టం మీకే.

‘రోజువారీ వడ్డీ’ అంటే రెండు అర్థాలు

ఇంతవరకు రెండో బ్యాంకు మాటను ఉన్నదున్నట్టు నమ్మాం. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. రోజువారీ లెక్కించడం వేరు, రోజువారీ కలపడం వేరు.

రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం 2010 ఏప్రిల్ 1 నుంచి దేశంలోని బ్యాంకులు పొదుపు ఖాతాలకు ఏ రోజు నిల్వ మీద ఆ రోజు వడ్డీ లెక్కిస్తున్నాయి. అంతకుముందు నెలలో 10వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీదే లెక్కించేవారు. కాబట్టి ‘రోజువారీ వడ్డీ లెక్క’ ఏ ఒక్క బ్యాంకో ఇచ్చే ప్రత్యేక సౌకర్యం కాదు. అది అందరికీ ఉన్నదే.

అయితే అలా రోజూ లెక్కించిన వడ్డీ పక్కన ఒక లెక్కగా పోగవుతుంది తప్ప, వెంటనే మీ నిల్వలో కలవదు. ఖాతాలో జమ అయిన రోజునే అది అసలు అవుతుంది, దాని మీద వడ్డీ మొదలవుతుంది. పొదుపు ఖాతా వడ్డీని మూడు నెలలకోసారి గానీ, అంతకంటే తక్కువ వ్యవధిలో గానీ జమ చేయాలన్నది నిబంధన. చాలా బ్యాంకులు మూడు నెలలకోసారి, కొన్ని నెలనెలా జమ చేస్తున్నాయి.

రెండో ఆఫర్‌లోని బ్యాంకు రోజూ లెక్కించి, మూడు నెలలకోసారి జమ చేస్తోందని తేలిందనుకోండి. అప్పుడు ఫార్ములాలో 365 కాదు, 4 పెట్టాలి:

```
(1+0.0715/4)^4-1
```

జవాబు 7.34 శాతం. లక్షకు వడ్డీ రూ.7,344. ఇప్పుడు ఆ ఆఫర్ ఏడాదికోసారి ఇచ్చే 7.4 శాతం కంటే కూడా వెనకబడిపోయింది.

దీన్ని తెలుసుకోవడానికి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాల్సిన పని కూడా ఉండకపోవచ్చు. అదే బ్యాంకులో మీకో, ఇంట్లో వాళ్లకో ఖాతా ఉంటే యాప్‌లో ఏడాది స్టేట్‌మెంట్ తీసి, వడ్డీ జమ పడిన వరుసలు లెక్కపెట్టండి. నాలుగు ఉంటే ఫార్ములాలో 4, పన్నెండు ఉంటే 12. నిల్వ మారకపోయినా ఒక్కో నెల వడ్డీ ఒక్కోలా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. నెలలోని రోజుల సంఖ్య ప్రకారం లెక్కించడం వల్ల 7.2 శాతం రేటుకు లక్ష మీద 30 రోజుల నెలలో దాదాపు రూ.592, 31 రోజుల నెలలో దాదాపు రూ.612 పడుతుంది. ఏడాది మొత్తం మీద ఈ తేడా దాదాపు సర్దుకుంటుంది.

ఆ రేటు మీ మొత్తం నిల్వకు వర్తిస్తుందా?

పొదుపు ఖాతా రేట్లను 2011 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకే వదిలేసింది. లక్ష రూపాయల వరకు నిల్వకు అందరికీ ఒకే రేటు ఇవ్వాలి, ఆపైన మొత్తాన్ని బట్టి వేర్వేరు రేట్లు పెట్టుకోవచ్చు. అందుకే ప్రకటనలో కనిపించే పెద్ద రేటు చాలాసార్లు పై శ్లాబుదే అయి ఉంటుంది.

ఉదాహరణకు లక్ష వరకు 3 శాతం, లక్ష దాటిన మొత్తానికి 7.2 శాతం అని ఉందనుకోండి. మీ నిల్వ లక్షన్నర. మొదటి లక్షకు 3,000, మిగిలిన 50 వేలకు 3,600, మొత్తం రూ.6,600. లక్షన్నర మీద ఇది 4.4 శాతమే. చక్రవడ్డీ లెక్కలోకి వెళ్లకముందే రేటు ఇలా పడిపోయింది. శ్లాబులు ఉంటే ముందు మీ నిల్వకు సగటు రేటు కట్టి, ఆ తర్వాతే దాన్ని ఫార్ములాలో పెట్టాలి. లేదంటే పోలికే తప్పవుతుంది.

‘యీల్డ్ 8.30 శాతం’ అని రాస్తే?

ఫిక్స్‌డ్ డిపాజిట్ రేట్ల పట్టికల్లో కొన్నిసార్లు రేటు పక్కనే ‘యాన్యువలైజ్డ్ యీల్డ్’ అని మరో పెద్ద అంకె ఉంటుంది. దాన్ని వాస్తవ వార్షిక రేటు అనుకుని పొరపాటు పడేవారు చాలామంది.

ఐదేళ్ల డిపాజిట్‌కు 7 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ అనుకుందాం. లక్ష రూపాయలు గడువు తీరేసరికి రూ.1,41,478 అవుతుంది. వచ్చిన వడ్డీ రూ.41,478ని ఐదుతో భాగిస్తే ఏడాదికి దాదాపు రూ.8,296. దీన్నే 8.30 శాతం యీల్డ్‌గా చూపిస్తారు. కానీ ఇందులో రెండో ఏడాది, మూడో ఏడాది పెరిగిన అసలు మీద వచ్చిన వడ్డీని కూడా మొదటి లక్ష మీద వచ్చినట్టే చూపారు. గడువు పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతూ పోతుంది, రేటు మాత్రం మారదు. నిజమైన వార్షిక రేటు కావాలంటే గడువు తీరాక వచ్చే మొత్తాన్ని అడిగి ఇలా లెక్కించాలి:

```
(141478/100000)^(1/5)-1
```

జవాబు 7.19 శాతం. పోలికకు పనికొచ్చే అంకె ఇది, 8.30 కాదు.

పోస్టాఫీసు పథకాల్లో ఇదే లెక్క

పోస్టాఫీసు పథకాలు ఈ సూత్రాన్ని రెండు రకాలుగా చూపిస్తాయి. 2024లో ఐదేళ్ల టైమ్ డిపాజిట్ రేటు 7.5 శాతం, జాతీయ పొదుపు పత్రం రేటు 7.7 శాతం. ప్రభుత్వం ఈ రేట్లను ప్రతి మూడు నెలలకు సమీక్షిస్తుంది కాబట్టి, డబ్బు పెట్టే రోజున ఉన్న రేటు చూసుకోవాలి.

పైకి పొదుపు పత్రమే మెరుగ్గా కనిపిస్తుంది. కానీ టైమ్ డిపాజిట్ వడ్డీని మూడు నెలల చక్రవడ్డీతో లెక్కించి ఏడాదికోసారి చెల్లిస్తారు. అందుకే 10 వేలకు ఏడాది వడ్డీ 750 కాదు, 771 రూపాయలు. వాస్తవ రేటు 7.71 శాతం. పొదుపు పత్రంలో వడ్డీ ఏడాదికోసారి కలుస్తుంది కాబట్టి 7.7 శాతమే. అంటే మొదటి ఏడాదికి రెండూ ఒకటే.

అయినా ఐదేళ్ల తర్వాత చేతికొచ్చేది ఒకటి కాదు. పొదుపు పత్రంలో వడ్డీ లోపలే ఉండి పెరుగుతుంది, 10 వేలు ఐదేళ్లకు రూ.14,490 అవుతాయి. టైమ్ డిపాజిట్ వడ్డీ ఏటా బయటకు వస్తుంది. తీసుకోకుండా వదిలేసినా ఆ వడ్డీ మీద అదనపు వడ్డీ ఇవ్వరు. ఐదుసార్లు 771 చొప్పున రూ.3,855 కలిపితే మొత్తం రూ.13,855. తేడా 635 రూపాయలు. ఏటా ఖర్చులకు డబ్బు కావాలనుకునేవారికి టైమ్ డిపాజిట్ తప్పు ఎంపిక కాదు. కానీ వడ్డీ లోపల ఉన్నంతవరకే వాస్తవ వార్షిక రేటు నిజమవుతుందన్న సంగతి మరిచిపోకూడదు. బ్యాంకు ఎఫ్‌డీలో ‘నెలనెలా వడ్డీ చెల్లింపు’ ఎంచుకున్నా ఇదే వర్తిస్తుంది. చేతికిచ్చే వడ్డీ అసలులో కలవదు, దానికి చక్రవడ్డీ ఉండదు.

ఎంచుకునే ముందు అడగాల్సినవి

రెండు ఆఫర్లు ముందుంటే ప్రతిదానికీ మూడు విషయాలు రాసుకోండి: మీ నిల్వకు నిజంగా వర్తించే రేటు, ఏడాదిలో వడ్డీ జమ అయ్యే సార్లు, ఆ వడ్డీ లోపలే ఉంటుందా బయటకు వస్తుందా. ఈ మూడూ తెలిస్తే ఫార్ములా ఒక నిమిషం పని.

వచ్చిన తేడాను శాతాల్లో కాకుండా మీ సొమ్ము మీద రూపాయల్లో చూడండి. మన మొదటి రెండు ఆఫర్ల మధ్య తేడా లక్షకు 31 రూపాయలు, పది లక్షలకు దాదాపు 313 రూపాయలు. ఇంత తక్కువకు ఖాతా మార్చుకోవడం, కనీస నిల్వ రుసుముల తలనొప్పి తెచ్చుకోవడం అవసరమా అన్నది మీరే తేల్చుకోవచ్చు. పైగా పొదుపు ఖాతా రేటును బ్యాంకు ఎప్పుడైనా మార్చవచ్చు. ఈ లెక్క ఏడాదంతా అదే రేటు ఉంటుందన్న ఊహ మీద ఆధారపడింది. ఎఫ్‌డీలో మాత్రం పెట్టిన రోజు రేటు గడువు వరకు నిలుస్తుంది. రేటు మారిందని యాప్‌లో సందేశం వస్తే, కొత్త అంకెతో మళ్లీ ఒకసారి లెక్క వేసుకోండి.